రిజర్వులో చిక్కిన సొమ్ము కోసం రాసే మెయిల్

ఆన్‌లైన్ దుకాణంలో ఎవరో కార్డు వాడి చీర కొంటే, ఆ డబ్బు నేరుగా దుకాణదారు ఖాతాలో పడదు. మధ్యలో పేమెంట్ ప్రాసెసర్ అనే కంపెనీ, దాని వెనక ఒక బ్యాంకు ఉంటాయి. కొత్త వ్యాపారమైనా, అమ్మకాలు ఒక్కసారిగా పెరిగినా, సరుకు ఆలస్యంగా చేరే వ్యాపారమైనా ప్రాసెసర్ ప్రతి అమ్మకంలోంచి కొంత మినహాయించి తన దగ్గర ఉంచుకుంటుంది. సాధారణంగా అది అయిదు నుంచి పది శాతం ఉంటుంది. దాన్ని రిజర్వ్ అంటారు. ఏ రోజు పట్టుకున్న సొమ్మును ఆ రోజు నుంచి లెక్కపెట్టి, మూడు నెలలకో ఆరు నెలలకో వదులుతూ పోతే అది రోలింగ్ రిజర్వ్.

అద్దె ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్సు వెనక్కి రావడానికి ఎంత తిరగాలో మనకు తెలిసిందే. ఇక్కడా చాలామంది పరిస్థితి అదే. గడువు దాటుతుంది, డబ్బు రాదు, కోపం వస్తుంది, ఆ కోపంలోనే మెయిల్ రాస్తారు. అలాంటి మెయిల్ ఒకటి తీసుకుని దాన్ని ఎలా చక్కదిద్దాలో చూద్దాం. అంకెలు, తేదీలు అర్థం కావడానికి అనుకున్నవి. లెక్క కట్టే పద్ధతి మాత్రం అసలుదే.

టెక్సస్‌లో ఉంటున్న ఒక తెలుగావిడ ధర్మవరం, పోచంపల్లి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది అనుకుందాం. ప్రాసెసర్ పది శాతం రిజర్వ్ పట్టుకుంది. 2025 జనవరి 15న చివరి అమ్మకం చేసి, ఆ ఖాతా మూసేసి వేరే ప్రాసెసర్‌కు మారింది. మూసేనాటికి పట్టుకున్న మొత్తం 21,200 డాలర్లు. ఒప్పందం ప్రకారం, ఖాతా మూస్తే రిజర్వ్ అంతా చివరి లావాదేవీ నుంచి 180 రోజులు ఉంటుంది. అంటే జులై 14 దాకా. చాలామంది పొరబడేది ఇక్కడే. ఖాతా నడుస్తున్నప్పుడు ఆగస్టులో పట్టుకున్నది ఫిబ్రవరిలో వచ్చేది కాబట్టి, మూసేశాక కూడా అలాగే విడతలవారీగా వస్తుందనుకుంటారు. మూసివేత నిబంధన ఎక్కువ ఒప్పందాల్లో వేరుగా ఉంటుంది, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే మెయిల్ రాసే ముందు ఆ ఒక్క పేరా వెతికి చదవాలి.

జులై 14 దాటింది, డబ్బు పడలేదు. ఆమె రాసుకున్న మొదటి చిత్తు ఇలా ఉంది:

“ఆరు నెలలుగా నా డబ్బు మీ దగ్గరే ఉంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా సరైన సమాధానం లేదు. అద్దె కట్టడం కష్టంగా ఉంది, పండగ సరుకు తెప్పించడానికి చేతిలో పైసా లేదు. ఇది నా కష్టార్జితం. వెంటనే 21,200 డాలర్లు పంపండి. లేకపోతే లాయరుతో మాట్లాడిస్తాను.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. బాధా నిజమే. అయినా ఈ మెయిల్ ఆమెకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఎందుకో తెలియాలంటే అవతల దాన్ని చదివే మనిషి పని ఏమిటో తెలియాలి.

ఆ మనిషి రిస్క్ విభాగంలో ఉంటాడు. అతని భయమల్లా చార్జ్‌బ్యాక్ గురించే. కొన్నవాళ్లు సరుకు అందలేదనో, చెప్పినట్టు లేదనో, ఆ కొనుగోలు తాము చేయలేదనో తమ బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కి వెళ్తుంది. దాన్ని మొదట దుకాణదారు భరించాలి. దుకాణదారు చేతిలో డబ్బు లేకపోతే ప్రాసెసర్, దాని బ్యాంకు భరించాలి. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా రకాల ఫిర్యాదులకు 120 రోజుల గడువు ఉంటుంది. అది కొన్న రోజు నుంచో, సరుకు అందాల్సిన రోజు నుంచో మొదలవుతుంది. కొంత అదనపు జాగ్రత్త కలిపి ప్రాసెసర్లు 180 రోజులు పెట్టుకుంటాయి. కాబట్టి ఫైలు తెరిచిన రిస్క్ మనిషి వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ డబ్బు ఇవాళ వదిలేస్తే, రేపు చార్జ్‌బ్యాక్ వస్తే మనం ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలి?

ఇప్పుడు చిత్తు మళ్లీ చదవండి. “చేతిలో పైసా లేదు” అన్న మాట జాలి కోసం రాసింది. అవతలివాడికి అది సరిగ్గా అతను భయపడుతున్న సంగతికి రుజువుగా కనిపిస్తుంది. డబ్బుకు ఇబ్బందిపడుతున్న వ్యాపారికి రిజర్వ్ వదలడమే అన్నిటికన్నా ప్రమాదమని అతనికి నేర్పిన పాఠం. మెయిల్‌లోంచి ముందు తీసేయాల్సిన వాక్యం అదే. అద్దె, పండగ సరుకు, ఇంట్లో అవసరాలు ఒక్కటీ అందులో ఉండకూడదు. లాయరు మాట కూడా మొదటి మెయిల్‌లో వద్దు. ఆ మాట కనపడగానే ఫైలు రిస్క్ విభాగం చేతిలోంచి న్యాయ విభాగానికి పోతుంది, అక్కడ వారాల తరబడి ఉండిపోతుంది. దావా వేసే హక్కు ఎక్కడికీ పోదు. అవసరమైతే తర్వాత వాడుకోవచ్చు.

ఇక రెండో లోపం అంకెది. ఆమె 21,200 అడిగింది. ఖాతా మూశాక వచ్చిన మూడు చార్జ్‌బ్యాక్‌ల మొత్తం 640 డాలర్లు అందులోంచే పోయాయి. ఒక్కోదానికి 25 డాలర్ల రుసుము చొప్పున ఇంకో 75 పోయాయి. మూడింటిలో ఒకటి ఆమె రుజువులు పంపి గెలిచింది కాబట్టి 180 డాలర్లు తిరిగి జమయ్యాయి. రుసుము మాత్రం గెలిచినా తిరిగి రాలేదు, ఒప్పందంలో అలాగే ఉంది. ఇవన్నీ తీసి కలిపితే నిలిచేది 20,665 డాలర్లు. చిన్న తేడానే. అయినా అడిగిన అంకె వాళ్ల లెక్కతో కలవకపోతే, “మొత్తం సరిపోలడం లేదు, స్టేట్‌మెంట్ పంపండి” అని ఒక వాక్యం రాసి ఫైలు పక్కన పెట్టేయడానికి కారణం దొరుకుతుంది. నెలవారీ స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని, వాళ్ల అంకెకు మన అంకె సెంటుతో సహా కలిసేదాకా లెక్క చూసుకోవాలి. కలవకపోతే ఆ తేడా ఎక్కడుందో మెయిల్‌లోనే చెప్పాలి.

అసలు చెప్పాల్సింది చిత్తులో లేనే లేదు. చివరి సరుకు ఎప్పుడు చేరింది? జనవరి 15 నాటి ఆర్డరు జనవరి 24న ఇంటికి చేరింది. అక్కణ్నుంచి 120 రోజులు లెక్కపెడితే మే 24. ఆ తర్వాత సాధారణ ఫిర్యాదులకు తావు లేదు. ఆరు నెలల్లో 1,480 ఆర్డర్లకు మూడు చార్జ్‌బ్యాక్‌లు, అంటే 0.2 శాతం. ఈ రంగంలో ఇది తక్కువ శాతమే. ఈ సంగతులే రిస్క్ మనిషి ప్రశ్నకు జవాబు. వీటిని వెతుక్కోవాల్సిన పని అతనికి లేకుండా మనమే చేతికిస్తే, అతను పైవాళ్లకు రాయాల్సిన నోటు సగం మనమే రాసిచ్చినట్టు.

దిద్దిన మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది. తెలుగులో దాని సారం ఇదీ:

“విషయం: రిజర్వ్ విడుదల అభ్యర్థన, మర్చంట్ ఐడీ (పూర్తి సంఖ్య), గడువు ముగిసిన తేదీ 2025 జులై 14.

రిస్క్ విభాగం వారికి,

పై ఖాతాలో చివరి లావాదేవీ 2025 జనవరి 15న జరిగింది. ఒప్పందంలోని రిజర్వ్ నిబంధన ప్రకారం 180 రోజుల గడువు జులై 14న ముగిసింది. మీ జూన్ స్టేట్‌మెంట్ ప్రకారం రిజర్వ్ నిల్వ 20,665 డాలర్లు. మా లెక్క కూడా అంతే, లెక్క పత్రం జతచేశాను.

చివరి ఆర్డరు జనవరి 24న చేరింది, డెలివరీ రుజువు జతచేశాను. ప్రస్తుతం పెండింగులో ఉన్న ఫిర్యాదులు, ఇవ్వాల్సిన రిఫండ్లు లేవు. గత ఆరు నెలల అమ్మకాల్లో 1,480 ఆర్డర్లకు మూడు చార్జ్‌బ్యాక్‌లు వచ్చాయి, మూడూ పరిష్కారమయ్యాయి.

ఈ మొత్తాన్ని మీ దగ్గర నమోదైన, చివర నాలుగు అంకెలు ఇక్కడ రాసిన బ్యాంకు ఖాతాకు ఆగస్టు 11 లోగా పంపగలరు. ఏదైనా భాగం ఇంకా ఉంచుకోవాలంటే, ఎంత మొత్తం, ఏ నిబంధన కింద, ఏ తేదీ వరకు అన్నది రాతపూర్వకంగా తెలియజేయగలరు.”

చివరి వాక్యమే ఈ మెయిల్‌కు వెన్నెముక అని నా అభిప్రాయం. “వెంటనే పంపండి” అంటే “పరిశీలిస్తున్నాం” అని తప్పించుకోవచ్చు. ఎంత, ఎందుకు, ఎప్పటివరకు అని అడిగితే జవాబులో అంకె, నిబంధన, తేదీ ఉండాలి. రేపు ఇది బ్యాంకు దాకానో మధ్యవర్తి దాకానో వెళ్తే ఆ జవాబే ముఖ్యమైన కాగితం అవుతుంది. అది ఇవ్వలేదంటే, ఇవ్వలేదన్న సంగతి కూడా కాగితమే. మెయిల్ పంపింది జులై 28 సోమవారం. పది పనిదినాలు లెక్కపెడితే ఆగస్టు 11 వస్తుంది.

బ్యాంకు ఖాతా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రాసెసర్ మారేటప్పుడు చాలామంది పాత బ్యాంకు ఖాతా కూడా మూసేస్తారు. అప్పుడు ప్రాసెసర్ డబ్బు పంపినా అది తిరిగి వెళ్లిపోతుంది, ఇద్దరిలో ఎవరూ గమనించరు. అందుకే ముందు ఈ ఒక్కటీ చూసుకోవాలి. ఖాతా మారి ఉంటే కొత్త ఖాతాకు బ్యాంకు ఇచ్చిన ఉత్తరమో, రద్దుచేసిన చెక్కో కావాలి. ఖాతాదారు పేరు ఒప్పందంలోని సంస్థ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పూర్తి ఖాతా నంబరు మెయిల్‌లో రాయొద్దు, ప్రాసెసర్ వెబ్‌సైటులో లాగిన్ అయి అక్కడే ఎక్కించాలి. మెయిల్ కూడా ఖాతాకు నమోదైన చిరునామా నుంచే వెళ్లాలి. రిజర్వ్ డబ్బును వేరే ఖాతాకు మళ్లించే మోసాలు ఉంటాయి కాబట్టి, కొత్త చిరునామా నుంచి కొత్త ఖాతా నంబరు వస్తే రిస్క్ మనిషి ముందు దాన్నే అనుమానిస్తాడు.

ఖాతా ఇంకా నడుస్తుంటే అడిగే పద్ధతి వేరు. అప్పుడు గడువు వాదన పనికిరాదు, రిజర్వ్ పట్టుకోవడం వాళ్ల హక్కు. మొత్తం వదలమంటే కుదరదనే అంటారు. పది శాతాన్ని అయిదుకు తగ్గించమనో, 180 రోజులను 90కి దించమనో అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. దానికి ఆధారంగా గత ఆరు నెలల చార్జ్‌బ్యాక్ శాతం, ఆర్డరు తీసుకున్నాక సరుకు చేరడానికి పట్టే రోజులు, తాజా బ్యాంకు స్టేట్‌మెంట్లు పంపాలి. ఖాతాలో నిల్వ బాగా ఉందని అవి చూపాలి.

ఆగస్టు 11 దాటినా జవాబు రాకపోతే అదే మెయిల్‌ను మళ్లీ మళ్లీ పంపడం వృథా. అమెరికాలో ప్రాసెసర్ ఒప్పందం మీద వెనకున్న బ్యాంకు పేరు కూడా సాధారణంగా ఉంటుంది. నోటీసులు ఏ చిరునామాకు, ఏ విధంగా పంపాలో చెప్పే పేరా కూడా ఒకటి ఉంటుంది. మెయిల్‌నూ, జతచేసిన పత్రాలనూ కాగితం మీద ముద్రించి ఆ చిరునామాకు రసీదు వచ్చే పోస్టులో పంపాలి, ఒక ప్రతి బ్యాంకుకు పంపాలి. ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉంటే లాయరును కలవాల్సింది ఈ దశలోనే.

ఒక్కోసారి కొంత వదిలి కొంత ఉంచుకుంటారు. 20,665లో 17,000 పంపి, మిగతాది “పరిశీలనలో ఉంది” అంటారు. పంపింది తీసుకోవచ్చు. కానీ “అందింది, ధన్యవాదాలు” అని ఊరుకోకూడదు. “17,000 డాలర్లు అందాయి, మిగతా 3,665 డాలర్లను ఏ నిబంధన కింద, ఏ తేదీ వరకు ఉంచుకున్నారో తెలపండి” అని అదే మెయిల్ గొలుసులో, అదే రోజు జవాబివ్వాలి.