కంప్రెసర్ ‘టక్’ అనకపోతే తప్పు గ్యాస్‌దేనా?

కారులో ఏసీ బటన్ నొక్కగానే బోనెట్ కింద చిన్నగా ‘టక్’ మని చప్పుడవుతుంది. ఇంజిన్ ఒక్క క్షణం బరువెక్కినట్టు తగ్గి మళ్ళీ సర్దుకుంటుంది. ఆ చప్పుడు కంప్రెసర్ క్లచ్‌ది. మెకానిక్కులు దాన్ని మ్యాగ్నెట్ క్లచ్ అంటారు. అది పట్టకపోతే బ్లోయర్ ఎంత జోరుగా తిరిగినా వచ్చేది బయటి వేడి గాలే. బటన్ మీద లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటు చెప్పేది బటన్ నొక్కారన్న సంగతే తప్ప కంప్రెసర్ తిరుగుతోందని కాదు.

ఇలాంటి కారు షెడ్డుకు వెళితే చాలాచోట్ల ముందుగా వినిపించే మాట, “గ్యాస్ అయిపోయింది సార్, పట్టించేద్దాం.” ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ చూడకుండా చెప్పిన నిజానికీ ఊహకూ తేడా లేదు. ఫ్యూజు పోయినా, రిలే చెడినా, క్లచ్ కాయిల్ కాలినా ఇదే లక్షణం కనిపిస్తుంది. వాటిలో దేనికీ గ్యాస్ మందు కాదు.

బెల్టు కంప్రెసర్ ముందున్న పుల్లీని ఇంజిన్ నడుస్తున్నంతసేపూ తిప్పుతూనే ఉంటుంది. పుల్లీ ముందు కంప్రెసర్ షాఫ్టుకు బిగించిన ఉక్కు ప్లేటు ఒకటి, పుల్లీ వెనక రాగి తీగ చుట్టిన కాయిల్ ఒకటి ఉంటాయి. కాయిల్‌కు 12 వోల్టుల కరెంటు అందితే అది అయస్కాంతమై ప్లేటును పుల్లీకి అతికిస్తుంది. అప్పుడే కంప్రెసర్ తిరుగుతుంది. ఈ ఏర్పాటు లేని రోజులూ ఉన్నాయి. ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించి అమ్మిన తొలి కార్లు అమెరికాలో వచ్చిన 1940 మోడల్ ప్యాకార్డులు. వాటి కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బోనెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే!

వేసవిలో విజయవాడ ఆటోనగర్ లాంటి చోట తరచూ కనిపించే తరహా కేసు ఒకటి తీసుకుందాం. పదేళ్ళు దాటిన చిన్న హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. బటన్ లైటు వెలుగుతోంది, బ్లోయర్ బాగానే ఉంది, గాలి వేడిగా వస్తోంది. బోనెట్ ఎత్తి చూస్తే పుల్లీ తిరుగుతోంది, దాని ముందున్న ప్లేటు కదలకుండా నిలబడి ఉంది. కుర్రాడు గేజీలు చేతిలోకి తీసుకున్నాడు. పెద్ద మేస్త్రి ఆపాడు: “గేజీలు తర్వాత పెడుదువుగానీ, ముందు కప్లర్ ఊడదీసి కరెంటు వస్తోందేమో చూడరా.”

సగం రోగం తేల్చేది ఆ ఒక్క పరీక్షే. క్లచ్ కాయిల్‌కు వెళ్ళే వైరుకు కంప్రెసర్ దగ్గరే ఒక కప్లర్ ఉంటుంది. ఇంజిన్ నడుస్తూ, ఏసీ వేసి ఉన్నప్పుడు అక్కడ మల్టీమీటర్ 12 వోల్టులకు పైన చూపిస్తే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్ అన్నీ తమ పని చేసినట్టే. తప్పు కాయిల్‌లోనో, ప్లేటు గ్యాపులోనో, ఎర్త్‌లోనో ఉంటుంది. సున్నా చూపిస్తే కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోయింది. కప్లర్ చాలా కార్లలో తిరిగే బెల్టు పక్కనే ఉంటుంది కాబట్టి మీటరు వైర్లను ముందు బిగించుకుని ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. మన హ్యాచ్‌బ్యాక్‌లో సున్నా వచ్చింది.

అక్కడి నుంచి వెనక్కి నడవాలి. ముందు ఫ్యూజు. డబ్బా మూత లోపలి బొమ్మలో ఏసీకి గుర్తుపెట్టిన ఫ్యూజు సాధారణంగా 7.5 లేదా 10 ఆంపియర్లది ఉంటుంది. కంటితో చూసి బాగుందనుకుంటే సరిపోదు, తీగలో వెంట్రుకంత పగులు కనిపించదు. ఫ్యూజు వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి రెండిటి మీదా వోల్టేజీ చూడాలి. రెండుచోట్లా వస్తే ఫ్యూజు మంచిదే. ఒకవైపే వస్తే పోయింది.

పోయిన ఫ్యూజు మార్చగానే మళ్ళీ పోతే కాయిల్‌ను అనుమానించాలి. చాలా క్లచ్ కాయిళ్ళ రెసిస్టెన్స్ 3 నుంచి 5 ఓమ్‌ల మధ్య ఉంటుంది. 3.6 ఓమ్‌ల కాయిల్ 12.6 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు లాగుతుంది. లోపల తీగ చుట్లు కాలి ఒకదానికొకటి తగిలి రెసిస్టెన్స్ 1 ఓమ్‌కు పడిపోతే అదే కాయిల్ పన్నెండు ఆంపియర్లు దాటి లాగి పది ఆంపియర్ల ఫ్యూజును తినేస్తుంది. ఇలాంటప్పుడు కొందరు 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి పని జరిగిందంటారు. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్.

ఈ కారులో ఫ్యూజు బాగుంది. తర్వాతిది రిలే. దానికి సాధారణంగా నాలుగు కాళ్ళు. 85, 86 అని ముద్రించిన రెండూ రిలే లోపలి చిన్న కాయిల్‌వి. ఇంజిన్ కంప్యూటర్ వీటి ద్వారా ఆజ్ఞ ఇస్తుంది. 30, 87 అన్న మిగతా రెండిటి మధ్య క్లచ్‌కు వెళ్ళే అసలు కరెంటు పారుతుంది. అదే డబ్బాలో హారన్‌కు అచ్చంగా అదే నంబరు రిలే ఉంటే రెండూ అటూఇటూ మార్చి చూడటం అన్నిటికంటే తేలిక. మేస్త్రి అదే చేశాడు. ఏసీ రిలేతో హారన్ మోగింది, హారన్ రిలేతో క్లచ్ పట్టలేదు. అంటే రిలే నిర్దోషి.

ఇక్కడ మేస్త్రి చేసిన ఇంకో పరీక్ష నేర్చుకోదగ్గది. ఇంజిన్ ఆపేసి, రిలే పీకి, దాని కింది సాకెట్లో 30, 87 స్థానాలను మధ్యలో ఫ్యూజు ఉన్న చిన్న వైరుతో ఒక్క క్షణం కలిపాడు. కంప్రెసర్ దగ్గర ‘టక్’ మంది. ఇంజిన్ తిరగడం లేదు కాబట్టి కంప్రెసర్‌కు హాని లేదు. కానీ రిలే నుంచి క్లచ్ దాకా ఉన్న వైరు, కాయిల్, ఎర్త్ అన్నీ బాగున్నాయని ఆ చప్పుడుతో తేలిపోయింది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: కంప్యూటర్ రిలేకు ఆజ్ఞ ఎందుకు ఇవ్వడం లేదు?

ఇవ్వకపోవడానికి దానికి చాలా కారణాలు ఉండొచ్చు. ఇంజిన్ వేడెక్కినా, కూలింగ్ కాయిల్ మీది సెన్సర్ తప్పు లెక్క చెప్పినా ఏసీని ఆపేస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా ఆపేది ప్రెషర్ స్విచ్. పాత తరం చిన్న కార్లలో ఇది డ్రయర్ బాటిల్ మీదో, కండెన్సర్ నుంచి వచ్చే సన్నటి పైపు మీదో ఉంటుంది. పైపులో ప్రెషర్ సుమారు 28 పీఎస్ఐ కంటే తగ్గితే దాని లోపలి కాంటాక్టులు విడిపోతాయి. అదే స్విచ్‌లో రెండో కాపలా కూడా ఉంటుంది, ప్రెషర్ మరీ పెరిగినా విడిపోతుంది. అందుకే సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ పోయి, బండి కదిలాక తిరిగి వస్తుంటే గ్యాస్ తక్కువైందని కాక కండెన్సర్ ఫ్యాన్ తిరగడం లేదని అనుమానించాలి.

తక్కువ ప్రెషర్‌లో కంప్రెసర్‌ను ఎందుకు ఆపాలి? కంప్రెసర్‌కు ఆయిల్ అందించేది గ్యాసే. ఆయిల్ గ్యాస్‌తో కలిసి పైపులన్నీ చుట్టి తిరిగి వస్తుంది. గ్యాస్ లేకపోతే ఆయిల్ తిరిగి రాదు, లోపలి భాగాలు రాసుకుని కంప్రెసర్ పట్టేస్తుంది. స్విచ్ కప్లర్ పీకి రెండు వైర్లూ కలిపేసి, క్లచ్ పట్టగానే “స్విచ్ పోయింది” అని తేల్చేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. ఖాళీ పైపులతోనూ అలా కలిపితే క్లచ్ పడుతుంది. గేజీ చూశాక, ప్రెషర్ సరిగా ఉందని తెలిశాక, రెండే వైర్లున్న స్విచ్‌ను మాత్రమే కొన్ని సెకన్లు అలా కలపొచ్చు. మూడు వైర్లుంటే అది స్విచ్ కాదు, 5 వోల్టుల మీద నడిచే సెన్సర్. దాని వైర్లు కలపకూడదు, స్కానర్ పెట్టి అది చెబుతున్న ప్రెషర్ చదవాలి.

ఇప్పుడు గేజీల వంతు. ఉదయం నుంచి నీడలో ఆగి ఉన్న కారులో ఆర్-134ఏ గ్యాస్ ప్రెషర్ వాతావరణపు వేడిని బట్టి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర రమారమి 97, 35 దగ్గర 114 పీఎస్ఐ. లోపల కాస్తయినా ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఈ అంకె పెద్దగా మారదు, వంటింటి సిలిండర్ సగమైనా పొయ్యి మంట తగ్గనట్టే. కాబట్టి ఆగిన బండిలో మంచి అంకె కనిపించినంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు. 20 పీఎస్ఐ కనిపిస్తే మాత్రం దాదాపు అంతా పోయినట్టే. మన హ్యాచ్‌బ్యాక్‌లో గేజీ 20 దగ్గరే ఆగింది. స్విచ్ రెండు కాళ్ళ మధ్య మీటరు పెడితే కనెక్షన్ లేదు. 28 లోపు ఉండాల్సింది అదే. స్విచ్ తన డ్యూటీ తాను చేస్తోంది.

“చూశావా అన్నా, గ్యాసేగా?” అన్నాడు కుర్రాడు. మేస్త్రి కండెన్సర్ అడుగున జిడ్డుగా, దుమ్ము పట్టి ఉన్న మరకను టార్చి వేసి చూపించాడు. గ్యాస్ వాడితే ఖర్చయ్యేది కాదు, ఎక్కడో కారితేనే పోతుంది. కారినచోట దానితో వచ్చిన ఆయిల్ మరక మిగులుతుంది. నైట్రోజన్ నింపి సబ్బునీళ్ళు పూస్తే అక్కడే బుడగలు లేచాయి. కండెన్సర్‌తో పాటు డ్రయర్ కూడా మార్చి, పోయినంత ఆయిల్ పోసి, వ్యాక్యూమ్ పంపును అరగంటకు పైగా నడిపి, పంపు ఆపాక ముల్లు కదలడం లేదని చూశాక బోనెట్ కింది స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్కన తూకం వేసి గ్యాస్ నింపారు. క్లచ్ తనంతట తానే పట్టింది. కొత్త స్విచ్ అవసరం రాలేదు. మొదటే గ్యాస్ పట్టించి పంపి ఉంటే ఆ రోజుకు చల్లగాలి వచ్చేదే, కానీ అదే మరక దగ్గర నుంచి మళ్ళీ పోయేది.

కప్లర్ దగ్గర 12 వోల్టులు వస్తున్నా ప్లేటు కదలని కార్ల సంగతి వేరు. ఉదయం బాగా పనిచేసి, గంట నడిచాక క్లచ్ వదిలేసి, చల్లారాక మళ్ళీ పట్టే బండి ఈ కోవలోదే. ఏళ్ళు గడిచేకొద్దీ ప్లేటు, పుల్లీ అరిగి మధ్య గ్యాపు పెరుగుతుంది. వేడికి రాగి తీగ రెసిస్టెన్స్ పెరిగి కరెంటు తగ్గుతుంది, బలహీనపడిన అయస్కాంతం ఆ దూరం నుంచి ప్లేటును లాగలేదు. ఇంజిన్ ఆపి ఫీలర్ గేజీతో కొలిస్తే చాలా క్లచ్‌లలో గ్యాపు 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, కచ్చితమైన అంకె ఆ కారు మాన్యువల్‌లో దొరుకుతుంది. ఒక మిల్లీమీటరు దాటితే ప్లేటు విప్పి, దాని వెనకున్న పల్చటి వాషర్లలో ఒకటి తీసేసి బిగిస్తారు. చాలాసార్లు కంప్రెసర్ మార్చమన్న కారు ఆ ఒక్క వాషర్‌తో బాగుపడుతుంది.

ఈ పరీక్షలేవీ పనికిరాని కార్లూ రోడ్ల మీద పెరుగుతున్నాయి. కొన్ని కొత్త మోడళ్ళలో కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. దాని లోపలి వాల్వ్ ఒకటి పనిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, ‘టక్’ మనడానికి క్లచ్ ఉండదు. ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్‌కు బెల్టే ఉండదు. బ్యాటరీ నుంచి వందల వోల్టులు మోసే నారింజ రంగు కేబుల్ దానికి వస్తుంది. ఆ రంగు కేబుల్ కనిపించిన బండిలో మల్టీమీటర్ పక్కన పెట్టి, హైవోల్టేజీ పని నేర్చిన టెక్నీషియన్‌ను పిలవాలి.