వార్తల్లో పదం: చెక్కు బౌన్స్

ఇంటి యజమానికి బకాయిపడ్డ అద్దె కింద 40,000 రూపాయల చెక్కు రాస్తున్నారనుకుందాం. పేరు తర్వాత మిగిలిన ఖాళీలో గీత కొట్టండి, అక్షరాల్లో రాసిన మొత్తం చివర ‘మాత్రమే’ అని చేర్చండి. ఎడమ పైమూలన రెండు వాలు గీతలు గీసి, మధ్యలో ‘ఎ/సి పేయీ’ అని రాస్తే డబ్బు ఆయన ఖాతాలోనే జమవుతుంది, కౌంటర్లో నగదుగా ఇవ్వరు. పారేసుకున్నా భయం తక్కువ కాబట్టి ఈ అలవాటు తప్పక చేసుకోవాలి.

ఆయన బ్యాంకు చెక్కును స్కాన్ చేసి, ఆ చిత్రాన్నే మీ బ్యాంకుకు పంపుతుంది. కాగితం కదలదు. మీ బ్యాంకు సంతకం, తేదీ, నిల్వ చూస్తుంది. ఖాతాలో 39,900 ఉన్నా చెక్కు వెనక్కే. ఉన్నంతవరకు ఇవ్వడమనేది లేదు. సంతకం కలవకపోయినా, అంకెలకూ అక్షరాలకూ పొంతన లేకపోయినా, తేదీకి మూడు నెలలు దాటినా అంతే. పేరో మొత్తమో దిద్ది పక్కన సంతకం చేయడం ఇప్పుడు చెల్లదు, కొత్త చెక్కు రాయాల్సిందే.

డబ్బు చాలక తిరిగొస్తే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో యజమాని రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లోనూ మీరు చెల్లించకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు వేయవచ్చు.