కొత్త సభ్యుడి మెయిల్ ఎందుకు ఆగుతుంది?

మిద్దె తోటలు పెంచేవాళ్ల కోసం ఒక మెయిలింగ్ లిస్టు ఉందనుకుందాం. ఒక చిరునామాకు రాస్తే చాలు, వెయ్యిమంది సభ్యులకూ చేరుతుంది. మంచి మాటకు ఎంత సౌకర్యమో చెత్తకూ అంతే. ఒకసారి బయటికి వెళ్లిన మెయిల్‌ను వెయ్యి ఇన్‌బాక్సుల నుంచి వెనక్కి లాగే దారి లేదు. అందుకే చాలా లిస్టుల్లో కొత్త సభ్యుల మెయిల్ ముందు ఒక వరుసలో ఆగుతుంది. లిస్టు బాధ్యత చూసే మోడరేటర్ చదివి వదిలితేనే ముందుకు కదులుతుంది.

ఈ పనికి ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్లలో మెయిల్‌మ్యాన్ ఒకటి. పైసా ఖర్చులేనిది. దాని పాత రకమైన 2.1లో ప్రతి సభ్యుడి పేరు పక్కనా ఒక చిన్న గుర్తు ఉంటుంది. అది ఉన్నంతవరకు ఆ సభ్యుడు రాసినదల్లా ఆగుతుంది. కొత్తగా చేరే ప్రతివారికీ ఆ గుర్తు దానంతటదే పడేలా ముందే అమర్చుకోవచ్చు. రాసినవారికి మాత్రం మెయిల్ పరిశీలనలో ఉందని ఒక కబురు అందుతుంది.

ఇక మిద్దె తోట వరుసలో ఓ ఉదయం నాలుగు మెయిళ్లు ఆగి ఉన్నాయనుకుందాం. మొదటిది వంకాయ మొక్కకు పిండినల్లి పట్టిందనీ ఏం చల్లాలనీ అడుగుతున్న కొత్త సభ్యురాలిది. ఆలోచించాల్సిన పనేమీ లేదు, Accept. అయితే ఆ పేజీలోనే `Clear this member's moderate flag` అనే గడి ఉంటుంది. దాన్ని టిక్ చేయడం మరిచిపోతే ఆవిడ తర్వాత రాసే ధన్యవాదాల మెయిలూ ఆగిపోతుంది. మోడరేటర్ల పని కుప్పపడేది సగం ఇలాగే.

రెండోది శంషాబాద్ దగ్గర ప్లాట్ల ప్రకటన. రాసినవాడు నిజంగా లిస్టులో చేరిన మనిషే, ఇక్కడ ఏం రాయాలో తెలియదంతే. ఇలాంటివారికి Reject సరైనది. కారణం జోడించి మెయిల్‌ను తిప్పి పంపుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వరుస మొత్తం కనిపించే పేజీలోనే Reject నొక్కేస్తే కారణం రాసే చోటే ఉండదు, కారణం చెప్పలేదన్న పొడి మాట మాత్రమే అవతలికి వెళుతుంది. మెయిల్‌ను విడిగా తెరిస్తే కారణానికి పెట్టె కనిపిస్తుంది. “ఈ లిస్టు మొక్కల పెంపకం గురించే. స్థలాల అమ్మకాలు ఇక్కడ వేయం. మీ తోట గురించి రాయండి, తప్పక వేస్తాం.” ఇంత రాస్తే చాలు. గుర్తు మాత్రం అలాగే ఉంచాలి.

మూడోది అప్పుల యాప్ స్పామ్. దీనికీ Reject నొక్కాలనిపిస్తుంది గానీ నొక్కకూడదు. స్పామర్లు పంపినవారి చిరునామా తరచూ దొంగది పెడతారు. తిరస్కరణ లేఖ ఆ చిరునామా సొంతదారుకు, ఏ పాపమూ ఎరగని మూడో మనిషికి, పోయి పడుతుంది. అలాంటివి పెరిగితే లిస్టు నడిపే సర్వరే స్పామ్ పంపుతోందని ఇతర సర్వర్లు దాన్ని అడ్డుకోవచ్చు. అందుకని Discard నొక్కాలి. ఎవరికీ కబురు వెళ్లదు, మెయిల్ మాయమవుతుంది. వరుసలో ఉన్నదంతా ఒకే బటన్‌తో తిరస్కరించే అలవాటున్న మోడరేటర్ తెలియకుండానే ఈ ఇబ్బంది తెచ్చిపెడతాడు.

నాలుగోది అన్నింటికన్నా తికమకపెట్టేది. కొందరు సభ్యులు విడి మెయిళ్లు వద్దని, చాలా మెయిళ్లను ఒక్కటిగా కట్టిన డైజెస్ట్ తెప్పించుకుంటారు. దానికే జవాబు కొడితే సబ్జెక్టు `Digest, Vol 12, Issue 5` అని ఉంటుంది, కింద పాత మెయిళ్లన్నీ వేలాడుతుంటాయి. పైన రాసింది మాత్రం “అవును, వేపనూనె పనిచేస్తుంది” అన్న ఒక్క వాక్యం. మెయిల్‌మ్యాన్‌లో మామూలుగా ఉండే పరిమితి 40 కేబీ. అది దాటితే పాత సభ్యుడి మెయిలైనా ఆగుతుంది. విషయం లిస్టుకు తగినదే కాబట్టి Discard అన్యాయం. సబ్జెక్టు మార్చి, అక్కర్లేనిది కత్తిరించి మళ్లీ పంపమని Reject చేయడమే మేలు.

ఆలస్యం వల్ల ఇంకో చిక్కు పుడుతుంది. రాత్రి రాసిన మెయిల్ తెల్లారినా కనిపించకపోతే పోయిందనుకుని అదే మళ్లీ పంపుతారు. పేరు, సబ్జెక్టు ఒకటేనేమో చూసుకుని ఒకటి వదిలి రెండోది Discard చేయాలి.

యాహూ గ్రూప్స్‌లోనూ కొత్త సభ్యుల మెయిళ్లను ఆపి చూసే వీలుండేది. తెలుగు సాహిత్యాన్ని చర్చించిన ‘రచ్చబండ’ లాంటి గుంపులు అక్కడే నడిచాయి. 2020 డిసెంబరులో ఆ సేవ మూతపడింది. మెయిల్‌మ్యాన్ 3 ఇప్పుడు వికీమీడియా లిస్టులను నడుపుతోంది. బటన్ల పేర్లు అవే.

ఇంత చేసినా తప్పించుకునేవాళ్లున్నారు. కొందరు స్పామర్లు మొదట పాత చర్చలోంచి రెండు వాక్యాలు ఎత్తి పంపుతారు, మోడరేటర్ గుర్తు తీసేశాక అసలు ప్రకటనలు దింపుతారు. అనుమానం వస్తే అందులోని ఒక వాక్యాన్ని లిస్టు ఆర్కైవ్‌లో వెతికితే దొంగతనం బయటపడుతుంది. అలాంటివారి మొదటి మెయిల్‌ను వదిలినా, గుర్తు తీయడానికి మరో రెండు మెయిళ్ల వరకు ఆగడం మంచిది.