ఎస్‌ప్రెసో మెషిన్: డబ్బు ముందు దేనికి పెట్టాలి?

గాజియా క్లాసిక్ లాంటి చిన్న ఎస్‌ప్రెసో మెషిన్‌లో బాయిలర్ వేడిని మామూలు థర్మోస్టాట్ చూసుకుంటుంది. బాగా చల్లబడ్డాకే హీటర్‌ను వేస్తుంది, బాగా కాగాక ఆపుతుంది. ఈ ఊగిసలాట పది డిగ్రీలు దాటొచ్చు. అందుకే ఒకే పొడితో తీసినా ఒక కప్పు పుల్లగా, ఇంకోటి చేదుగా వస్తుంది. పీఐడీ కంట్రోలర్ హీటర్‌ను క్షణక్షణం సర్దుతూ నీళ్లను మనం పెట్టిన వేడి దగ్గర, సాధారణంగా 93 డిగ్రీల దగ్గర, నిలుపుతుంది. అది లేనివారు హీటర్ ఆగాక ప్రతిసారీ ఒకే వ్యవధి ఆగి కాఫీ తీస్తే తేడా చాలావరకు తగ్గుతుంది.

ప్రీ-ఇన్‌ఫ్యూజన్ అంటే 9 బార్ల ఒత్తిడి పడేముందు, కొన్ని సెకన్లు తక్కువ ఒత్తిడితో పొడిని తడపడం. పొడి సమంగా ఉబ్బి, నీళ్లు ఒకేచోట దారి చేసుకుని దూసుకుపోవడం తగ్గుతుంది. అయితే గ్రైండర్ సరిగా ఆడకపోతే ఆ లోపాన్ని ఇది పూడ్చలేదు.

కొత్తవారు ఒక పరీక్ష చేయొచ్చు. 18 గ్రాముల పొడితో 36 గ్రాముల కాఫీని వరుసగా మూడుసార్లు తీయండి. 25-30 సెకన్లలో రావాల్సింది ఒకసారి 18, ఒకసారి 40 సెకన్లు పడితే లోపం పొడిలోనో, దాన్ని సర్దడంలోనో ఉంది. అప్పుడు డబ్బు మంచి గ్రైండర్‌కు పెట్టాలి. సమయం నిలకడగా ఉండి రుచి మాత్రమే మారుతుంటే పీఐడీ పనికొస్తుంది. ప్రీ-ఇన్‌ఫ్యూజన్ వంతు ఆ తర్వాతే.