సీడీఎం: బంతి వెంట పరిగెత్తని ఆటగాడు

ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో 'క్లబ్స్' అనే విభాగం ఉంది. ఆ గేమ్‌కు ఫిఫా అనే పేరున్న రోజుల్లో దీన్ని ప్రో క్లబ్స్ అనేవారు. మామూలు మ్యాచ్‌లో ఒకే మనిషి పదకొండు మందినీ నడిపిస్తాడు. బంతి ఎవరి దగ్గరికి చేరితే కంట్రోలర్ ఆ ఆటగాడికి మారుతుంది. క్లబ్స్‌లో అలా ఉండదు. ఒక్కో మనిషి తాను తయారుచేసుకున్న ఒక్క ఆటగాడినే మ్యాచ్ మొత్తం ఆడిస్తాడు. ఒకరు గోల్‌కీపర్, ఒకరు లెఫ్ట్ బ్యాక్, ఒకరు స్ట్రైకర్. జట్టులో మనుషులు తక్కువైతే మిగతా స్థానాల్లో కంప్యూటర్ ఆడుతుంది. మ్యాచ్ గడియారంలో 90 నిమిషాలు గడవడానికి బయట 12 నిమిషాలు పడుతుంది. అందులో ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండే సమయం చాలా కొద్ది. మిగిలిన సమయమంతా ఎక్కడ నిలబడాలి, సహచరులకు ఏం చెప్పాలి అనే రెండు పనులతోనే గడుస్తుంది.

ఈ తేడా అన్నిటికంటే స్పష్టంగా తెలిసే స్థానం డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ది. ఆడేవాళ్లంతా 'సీడీఎం' అంటారు. ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల ముందు, మిగతా మిడ్‌ఫీల్డ్ వెనుక ఉండే స్థానం ఇది. 4-3-3 వంటి అమరికలో ఈ పని ఒక్కడి మీదే పడుతుంది. నిజమైన ఫుట్‌బాల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు క్లాడ్ మకలేలే ఈ స్థానంలో ఎంతగా పేరు తెచ్చుకున్నాడంటే, దీన్ని మకలేలే స్థానం అనే అలవాటు కూడా వచ్చింది. అతను గోల్స్ కొట్టింది అరుదు. గేమ్‌లోనూ మంచి సీడీఎం పేరు గోల్స్ పట్టికలో కనిపించదు.

కొత్తగా ఈ స్థానం తీసుకున్నవారు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటే. బంతి ఎటు వెళితే అటు పరిగెడతారు. మామూలు మ్యాచ్‌లలో వచ్చిన అలవాటు అది. అక్కడ బంతి దగ్గర ఉన్నవాడి మీదికి ఒకరిని పంపినా, వదిలేసిన చోటికి వెంటనే ఇంకొకరిని మార్చుకోవచ్చు. క్లబ్స్‌లో సీడీఎం పక్క గీత దాకా వెళితే అతను వదిలిన చోటు ఖాళీగానే ఉండిపోతుంది. ప్రత్యర్థి జట్టులో ఆలోచన ఉన్నవాడు ఒక్కడున్నా చాలు, తర్వాతి పాస్ సరిగ్గా అక్కడికే వస్తుంది.

కాబట్టి సీడీఎం ముందుగా కాపాడాల్సింది పాస్ వెళ్లే దారిని. బంతి ఉన్న ప్రత్యర్థికీ, మన సెంటర్ బ్యాక్‌ల దగ్గర కాచుకుని ఉన్న స్ట్రైకర్‌కూ మధ్య ఒక గీత ఊహించుకుంటే సీడీఎం ఆ గీత మీద ఉండాలి. బంతి పక్కకు కదిలితే గీత కదులుతుంది, దాంతోపాటు సీడీఎం కూడా రెండు మూడు అడుగులు జరుగుతాడు. సెంటర్ బ్యాక్‌లకు సుమారు పది మీటర్ల ముందు ఉండటం మంచిది. అంతకంటే దూరమైతే వెనుక పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. మరీ దగ్గరైతే పెనాల్టీ బాక్స్ బయటి నుంచి షాట్ కొట్టేవాడికి అడ్డు ఉండదు. ఈ దూరాన్ని మైదానం చూసి అంచనా వేయడం కష్టం. తెర కింద ఉండే చిన్న రాడార్‌లో తన చుక్కా, ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల చుక్కలూ కలిసి ఒక త్రిభుజంలా కనిపిస్తున్నాయో లేదో చూసుకుంటే సరిపోతుంది. బంతి దూరంగా ఉన్నప్పుడు కళ్లు ఎక్కువగా రాడార్ మీదే ఉండాలి. కెమెరాను కూడా ఎత్తు పెంచి, జూమ్ తగ్గించి పెట్టుకుంటే రెండు రెక్కలూ కొంతైనా కనిపిస్తాయి.

దారి మూసేటప్పుడు చేతివేళ్ల పని చాలా తక్కువ. ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో L2 నొక్కిపట్టుకుంటే ఆటగాడు ప్రత్యర్థికి ఎదురుగా తిరిగి చిన్న అడుగులతో కదులుతాడు. దీన్ని జాకీ అంటారు. పరుగెత్తించే R2 మీద వేలు ఎప్పుడూ ఉంచేవారు దిశ మార్చలేక దాటిపోతారు, రెండో సగంలో అలిసిపోతారు కూడా. టాకిల్ బటన్ చివరి ఆయుధం. అది తప్పితే ఆటగాడు ఒక క్షణం కదలలేడు, అతని వెనుక మిగిలేది సెంటర్ బ్యాక్‌లే. సీడీఎం టాకిల్ చేయకుండా ప్రత్యర్థిని వెనక్కి పాస్ ఇచ్చేలా చేస్తే అతని పని నెరవేరినట్టే. ఆటగాడికి ప్లేస్టైల్స్ ఎంచుకునేటప్పుడు కూడా షాట్లకు సంబంధించినవాటి కంటే ఇంటర్‌సెప్ట్, జాకీ వంటివి ఇక్కడ ఉపయోగపడతాయి.

మన జట్టు దాడి చేస్తున్నప్పుడు సీడీఎం బంతికి వెనుకే ఉంటాడు. ముందున్నవాళ్లకు దారి దొరకనప్పుడు వెనక్కి ఇవ్వడానికి ఒక మనిషి కనిపించాలి, ఆ మనిషి ఇతనే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాస్ బటన్ నొక్కితే బంతి తనకు ఇవ్వమని అడిగినట్టు అవుతుంది. సహచరుడు మనిషైతే ఇవ్వాలో వద్దో ఆలోచిస్తాడు. కంప్యూటర్ ఆటగాడైతే ఆ పిలుపు విని ఇచ్చేస్తాడు. చుట్టూ ఇద్దరు ప్రత్యర్థులు ఉన్నప్పుడు ఊరికే ఆ బటన్ నొక్కేవాడు ఆపదను తన దగ్గరికి తానే పిలుచుకుంటాడు. ఫుల్‌బ్యాక్‌లు ఇద్దరూ పైకి వెళ్లిపోతే సీడీఎం సెంటర్ బ్యాక్‌ల వైపు దిగాలి. ఒక్కడే వెళితే ఆ వైపుకు కొంచెం జరిగితే చాలు.

ఇక మాట. ఈ గేమ్‌లో సీడీఎం ఎప్పుడూ ఆటకు మధ్యలో ఉంటాడు, బంతి తక్కువగా తాకుతాడు. కాబట్టి చూసి చెప్పే తీరిక అందరికంటే అతనికే ఎక్కువ. స్నేహితులు కలిసి ఆడే జట్లలో హెడ్‌సెట్ పెట్టుకుని గొంతు కలిపే సౌకర్యం కన్సోల్‌లోనే ఉంటుంది, లేదా డిస్కార్డ్ వాడతారు. అయితే గట్టిగా మాట్లాడటం వేరు, పనికొచ్చే మాట చెప్పడం వేరు. "వచ్చాడు వచ్చాడు" అంటే ఎవరు, ఎటు నుంచి అనేది ఎవరికీ తెలియదు. మంచి పిలుపులో పేరు ముందు ఉంటుంది, తర్వాత విషయం: "రవీ, వెనక మనిషి." "రవీ, టైముంది, తిరుగు." పేరు వినగానే ఆ ఒక్కడే చెవి పెడతాడు. మిగతావాళ్లు తమ పని చేసుకుంటారు. మాట ఇంటర్నెట్ దాటి రావడానికి కొంత సమయం పడుతుంది. అది విని వేలు కదిలించడానికి ఇంకొంత. కాబట్టి పాస్ చేరాక "మనిషి" అంటే లాభం లేదు. పాస్ బయలుదేరేటప్పుడే అనాలి.

దిక్కులు చెప్పడంలో ఒక చిక్కు ఉంది, దీని వల్ల చాలా జట్లు గోల్స్ పోగొట్టుకుంటాయి. రెండో సగంలో జట్లు వైపులు మారతాయి. మొదటి సగంలో తెర మీద కుడివైపు ఉన్న గోల్ ఇప్పుడు ఎడమవైపుకు వస్తుంది. "ఎడమకి" అంటే తెర ఎడమా, మన లెఫ్ట్ బ్యాక్ వైపా? "పైకి" అంటే తెర పైభాగమా, ప్రత్యర్థి గోల్ వైపా? జట్టులో ఒకరు పక్క నుంచి చూసే కెమెరా, మరొకరు ఆటగాడి వెనుక నుంచి చూసే కెమెరా పెట్టుకుంటే గందరగోళం రెట్టింపు అవుతుంది. దీనికి పరిష్కారం దిక్కులు మానేసి స్థానాల పేర్లు వాడటం. "ఆర్‌బీ వైపు ఖాళీ" అంటే ఏ కెమెరాలోనైనా, ఏ సగంలోనైనా అర్థం ఒకటే.

ఇదంతా ఒకచోట ఎలా పనిచేస్తుందో ఒక సందర్భం తీసుకుని చూడవచ్చు. స్కోరు 1-1. గడియారం 80 చూపిస్తోంది, అంటే బయటి లెక్కన మిగిలింది దాదాపు 80 సెకన్లు. మన రైట్ బ్యాక్ దాడిలో కలవడానికి పైకి వెళ్లాడు. అక్కడ పాస్ తప్పింది. ప్రత్యర్థి లెఫ్ట్ వింగర్ ఖాళీగా ఉన్న ఆ పక్క నుంచి పరుగు మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ ఆడే సీడీఎం అడ్డంగా వింగర్ మీదికి పరిగెడతాడు. వేగంలో అతన్ని అందుకోవడం దాదాపు అసాధ్యం. అందుకోలేకపోతే మధ్య మొత్తం తెరుచుకుంటుంది.

సరిగ్గా ఆడే సీడీఎం ముందు తన గోల్ వైపు నేరుగా వెనక్కి పరిగెడతాడు, పరిగెడుతూనే చెబుతాడు: "ఆర్‌సీబీ, వింగర్ నీవాడు. ఎల్‌సీబీ, స్ట్రైకర్‌తో ఉండు. కట్‌బ్యాక్ నాది." మూడు చిన్న వాక్యాలతో ముగ్గురికీ పని పంచినట్టయింది. రైట్ సెంటర్ బ్యాక్ బయటికి వెళ్లి వింగర్‌ను గోల్ లైన్ వైపు నెడతాడు, టాకిల్ చేయడు. లెఫ్ట్ సెంటర్ బ్యాక్ గోల్ ముందు స్ట్రైకర్‌ను పట్టుకుంటాడు. వింగర్‌కు మిగిలిన మంచి పాస్ ఒక్కటే. గోల్ లైన్ నుంచి వెనక్కి, పరుగెత్తుకుంటూ వస్తున్న మిడ్‌ఫీల్డర్‌కు. ఈ గేమ్‌లో ఎక్కువగా గోల్స్ తెచ్చే పాస్‌లలో ఇదొకటి. అది సాధారణంగా వచ్చేది పెనాల్టీ స్పాట్‌కూ బాక్స్ అంచుకూ మధ్య. అంటే గోల్‌కు 11 నుంచి 16.5 మీటర్ల దూరంలో ఉన్న పట్టీలోకి. సీడీఎం ఇంకా వెనక్కి వెళ్లి గోల్‌కీపర్ ముందు గుంపులో చేరకుండా స్పాట్ దగ్గర ఆగాలి. R2 వదిలి L2 పట్టుకోవాలి. బంతి వచ్చే గీత మీద శరీరం ఉంటే చాలాసార్లు బటన్ నొక్కకుండానే బంతి కాలికి తగులుతుంది.

ఈ క్రమంలో ఒక మార్పు రావచ్చు. సెంట్రల్ మిడ్‌ఫీల్డర్ ఒకరు సీడీఎం కంటే ముందే స్పాట్ దగ్గరికి చేరి ఉంటే ఇద్దరూ అక్కడే నిలబడటం వృథా. అప్పుడు "సీఎం, కట్‌బ్యాక్ నువ్వు ఉంచు, సీబీ ప్లేస్‌లోకి నేను" అని చెప్పి సెంటర్ బ్యాక్ వదిలిన ఖాళీలోకి దిగాలి. చెప్పకుండా మారితే ఇద్దరూ ఒకే చోటికి వెళతారు. బంతి దొరికాక మొదటి పాస్ సులువైనదే ఇవ్వాలి. ఆపద వచ్చిన పక్కకు కాకుండా రెండో పక్కన ఉన్నవాడికి. ప్రత్యర్థులు అప్పటికే ఇటువైపు గుమిగూడి ఉంటారు కదా.

మ్యాచ్ అయ్యాక తెర మీద వచ్చే రేటింగ్ సీడీఎంకు మంచి కొలమానం కాదు. అది ఎక్కువగా బంతితో చేసిన పనులను లెక్కిస్తుంది. మూసిన దారి వల్ల ప్రత్యర్థి ఇవ్వకుండా వదిలేసిన పాస్ అందులో కనబడదు. ఇంతకంటే నమ్మదగిన గుర్తులు మూడున్నాయి. ప్రత్యర్థి స్ట్రైకర్ బంతి అందుకుని గోల్ వైపు తీరిగ్గా తిరగగలుగుతున్నాడంటే సీడీఎం గీత మీద లేడు. సెంటర్ బ్యాక్‌లు పదేపదే ముందుకు వచ్చి టాకిల్ చేయాల్సి వస్తోందంటే సీడీఎం మరీ ముందుకో, పక్కకో వెళ్లిపోతున్నాడు. తిన్న గోల్స్‌లో కట్‌బ్యాక్‌లు ఎక్కువగా ఉంటే పెనాల్టీ స్పాట్ దగ్గర ఎవరు ఉండాలన్నది జట్టు ఇంకా తేల్చుకోలేదు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. సహచరులు పిలుపు వినేవారైతేనే అది పూర్తిగా పనిచేస్తుంది. మైక్ లేని అపరిచితులతోనో, ఎక్కువ మంది కంప్యూటర్ ఆటగాళ్లతోనో ఆడేటప్పుడు సెంటర్ బ్యాక్ వింగర్ మీదికి వెళతాడో లేదో ముందుగా తెలియదు. అప్పుడు సీడీఎం సెంటర్ బ్యాక్‌లకు ఇంకొంచెం దగ్గరగా ఆడటం, ముందుకు వెళ్లే అవకాశాలను వదులుకోవడం తప్పదు. కొత్తగా ఈ స్థానం తీసుకునేవారు మొదటి కొన్ని మ్యాచ్‌లు గోల్స్ గురించి మరచిపోయి, సగం గీత దాటకుండా ఆడి చూడాలి.