మద్రాసులో గృహప్రవేశం: ముందు విస్తళ్లు లెక్కపెట్టండి

గృహప్రవేశానికి ఎంతవుతుందని అడిగితే మన ఇళ్లలో ముందుగా పురోహితుడి దక్షిణ గురించీ, పూల అలంకరణ గురించీ చర్చ మొదలవుతుంది. బడ్జెట్‌ను పెంచేది, తగ్గించేది నిజానికి ఆ రెండూ కావు. ఏ పూట ఎంతమంది ఆకు ముందు కూర్చుంటారన్నదే సగం ఖర్చును తేల్చేస్తుంది. చెన్నైలో ఇది మరీ నిజం. ఇక్కడ కేటరర్లు చాలామంది ఆకుకు ఇంత అని రేటు చెబుతారు, పైగా ముహూర్తం తరచుగా తెల్లవారుజామున పడుతుంది. నాలుగున్నరకు గోవు ముందు నడవగా ఇంట్లోకి అడుగుపెట్టి, ఆరు లోపల పాలు పొంగిస్తే, ఆ రోజు మొదటి విందు భోజనం కాదు, టిఫిను.

అందుకని పిలుపుల జాబితాను ఒకే వరుసలో రాయకండి. మూడు వరుసలుగా విడగొట్టండి. తెల్లవారుజామునే వచ్చి టిఫిను చేసి వెళ్లిపోయేవాళ్లు ఒక వరుస. ఎండెక్కాక వచ్చి భోజనం చేసేవాళ్లు రెండోది. ముందురోజే నెల్లూరు నుంచో తిరుపతి నుంచో దిగి, రెండు పూటలూ ఉండే దగ్గరి బంధువులు మూడోది. ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని రేట్లన్నీ లెక్క కోసం వేసుకున్నవే, మీ పేటలో మీకు చెప్పిన రేట్లు వాటి స్థానంలో పెట్టుకోండి.

మేడవాక్కంలో రెండు పడకగదుల ఫ్లాటు, ముహూర్తం ఆదివారం, పిలిచింది పిల్లలతో కలిపి 160 మందిని. ఇందులో 30 మంది రోజంతా ఉంటారు. అపార్ట్‌మెంట్‌లోని ఇరుగుపొరుగు, నడిచి వచ్చేంత దూరంలో ఉన్నవాళ్లు 45 మంది పొద్దున్నే వచ్చి వెళతారు. ఆఫీసు స్నేహితులు, ఊరికి ఆ చివర ఉన్న చుట్టాలు 65 మంది మధ్యాహ్నానికి వస్తారు. మిగిలిన 20 మంది రారు. అంటే టిఫినుకు 75 ఆకులు, భోజనానికి 95. టిఫిను ఆకు 160 రూపాయలు, భోజనం 280 అనుకుంటే మొత్తం 38,600 రూపాయలు. ఈ విడదీత చేయకుండా కేటరర్‌కు ఫోన్లోనే ‘నూట అరవై మందండీ, రెండు పూటలూ’ అని చెప్పేస్తే అదే బిల్లు 70,400 అవుతుంది. తేడా 31,800. అలంకరణ మొత్తం మానేసినా ఇంత మిగలదు.

కేటరర్‌తో మాట్లాడేటప్పుడు రెండు అంకెలు వేరుగా తేల్చుకోవాలి. ఒకటి, ఎంతమంది వచ్చినా రాకపోయినా మీరు చెల్లించి తీరాల్సిన కనీస ఆకుల సంఖ్య. రెండోది, అంతకుమించి వచ్చినవాళ్లకు ఆకుకు ఎంత. కనీస సంఖ్యను మీ అంచనా కన్నా కాస్త తక్కువగానే చెప్పండి. ఈ ఉదాహరణలో టిఫినుకు 70, భోజనానికి 85 చాలు. వంట ఎటూ కొంత ఎక్కువే చేస్తారు. చివర్లో లెక్క గొడవ రాకుండా మీ వైపు మనిషినొకరిని పెట్టి, వడ్డన మొదలయ్యే ముందు ఆకుల కట్టలు లెక్కపెట్టించండి, అయ్యాక మిగిలినవి లెక్కపెట్టించండి. చిరిగి పారేసిన ఆకులు ఇందులో కలవకూడదని ముందే అనుకోవాలి.

ఆకు రేటులో ఏమేమి కలిసి ఉన్నాయో అడగడం ఇంకో పని. వడ్డించే మనుషులు, రవాణా, బల్లలు, కుర్చీలు, తాగునీరు, ఎంగిలాకులు ఎత్తడం, పాత్రలు తోమడం కొందరి రేటులో ఉంటాయి, కొందరు విడిగా వేస్తారు. పన్ను బిల్లు ఇచ్చే కేటరర్ అయితే దాని మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది. డాబా మీద వంట చేయిస్తుంటే గ్యాసు ఎవరిదో తేల్చుకోండి. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరును కేటరింగ్ వంటకు వాడకూడదు, వాళ్ల 19 కిలోల వాణిజ్య సిలిండరు వాళ్లే తెచ్చుకోవాలి.

వంటకాల జాబితాలో మన తెలుగువాళ్లు ఇక్కడ తరచూ తడబడే చోటు ఒకటుంది. తమిళ కేటరర్ జాబితాలో ‘పరుప్పు’ అని ఉంటే అది ఆకు మూల ఒక గరిటె ఉడికించిన పప్పు, పైన నెయ్యి. మన చుట్టాలు ఎదురుచూసేది నాలుగు ముద్దలు కలుపుకునేంత పప్పు. పప్పు, పులిహోర, బూరెలు, ఒక రోటి పచ్చడి కావాలంటే వాటి పరిమాణంతో సహా చెప్పాలి. వాటికి చోటిచ్చేందుకు వత్తకుళంబు, ఒక పొరియల్ తీసేయమనండి. ఉన్నవి ఉంచి ఇవి చేర్చుకుంటూ పోతే రేటు పెరుగుతుంది, ఆకుల్లో సగం మిగిలిపోతుంది.

ఇక పురోహితుడి లెక్క. ఇక్కడ తెలుగు పురోహితులూ ఉన్నారు, తమిళ వాధ్యార్లూ ఉన్నారు. ఎవరిని పిలిచినా ‘సామగ్రితో కలిపి’ అన్న మాటకు అర్థం అడిగి తెలుసుకోండి. సాధారణంగా హోమద్రవ్యాలు, సమిధలు, పసుపు కుంకుమలు అందులో ఉంటాయి. పూలు, పళ్లు, కొబ్బరికాయలు, పాలు, నెయ్యి, కలశానికి బియ్యం, గుమ్మానికి అరటి పిలకలు, దిష్టికి బూడిద గుమ్మడికాయ, ఋత్విక్కులకు పంచెలు మీ మీదే పడవచ్చు. గణపతి పూజ, పుణ్యాహవాచనం, వాస్తు హోమం, నవగ్రహ హోమం, వీటిలో ఏవి చేస్తారు, ఎందరు వస్తారు అన్నదాన్ని బట్టి సంభావన మారుతుంది. మంచి ముహూర్తం రోజున ఒకే పురోహితుడికి రెండు మూడు ఇళ్లు ఉంటాయి. హోమం కాగానే ఆయన వెళ్లిపోయి, వ్రతం శిష్యుడు చేయిస్తాడా అన్నది ముందే అడగడంలో తప్పేమీ లేదు.

సత్యనారాయణ వ్రతం అదే రోజు పెట్టుకోవడం మనవాళ్లకు అలవాటు. దాని దక్షిణ చిన్నదే, కానీ పూజ, అయిదు అధ్యాయాల కథ ముగిసేసరికి మధ్యాహ్నమవుతుంది, విన్నవాళ్లను భోజనం పెట్టకుండా పంపలేం. వ్రతాన్ని మరో పౌర్ణమికి జరిపితే టిఫినుతో వేడుక ముగించవచ్చు, దగ్గరివాళ్లకు మాత్రం భోజనం పెట్టుకోవచ్చు. చెన్నైలో మన తమిళ పొరుగువారు చాలామంది చేసేది ఇదే. డబ్బు నిజంగా తగ్గాల్సి ఉంటే నా ఓటు దీనికే, పూలు తగ్గించడానికి కాదు.

హోమానికి ఇంకో ఖర్చు ఉంది, అది ఎవరి జాబితాలోనూ ఉండదు. కొత్త టైల్సు మీద నేరుగా కుండం పెడితే వేడికి పగులుతాయి. కింద ఇసుక పోసి, పైన రెండు వరుసల ఇటుకలు పేర్చాలి. ఫాల్స్ సీలింగ్ కింద కాకుండా బాల్కనీ తలుపు దగ్గర పెట్టించండి. పొగను పసిగట్టే పరికరం ఉంటే ఆ రెండు గంటలూ ఏం చేయాలో భవన నిర్వాహకులతో మాట్లాడండి.

పూల విషయం కొంత ముహూర్తం చేతిలో ఉంటుంది. కోయంబేడు మార్కెట్‌లో ధర రోజును బట్టి మారుతుంది. తమిళులకు తై నెల, అంటే జనవరి మధ్య నుంచి, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఊపందుకుంటాయి. మనం పుష్యం వెళ్లేదాకా ఆగి మాఘంలో దిగుతాం. రెండూ కలిసిన వారాల్లో పూలు, కేటరర్లు, పురోహితులు అన్నీ ప్రియమే. దీనికి ఎదురు వెసులుబాటు కూడా ఉంది. తమిళులు ఆడి నెలలో శుభకార్యాలు పెట్టుకోరు. ఆడి జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. మన శ్రావణం చాలా ఏళ్లలో ఆడి ముగియకముందే మొదలవుతుంది. ఆ కొద్ది రోజుల్లో మనకు ముహూర్తం దొరికితే కేటరర్లు ఖాళీగా ఉంటారు, బేరానికి దిగుతారు. అమ్మవారి గుళ్ల ఉత్సవాల వల్ల శుక్రవారాల్లో పూల ధర మాత్రం తగ్గదు.

ఆడిలోనే బట్టల దుకాణాల తగ్గింపు అమ్మకాలు కూడా ఉంటాయి. ఇచ్చుకోవాల్సిన రవికె గుడ్డలు, పంచెలు అప్పుడే కొని పెట్టుకోవచ్చు. మొత్తంగా కొనేవాళ్లు జార్జ్‌టౌన్‌లోని గోడౌన్ వీధికి వెళతారు. తాంబూలం సంచుల లెక్కలో పొరపాటు ఎక్కడ వస్తుందంటే, వాటినీ తలకొకటి చొప్పున వేసేస్తారు. అవి కుటుంబానికి ఒకటి. మన ఉదాహరణలో వచ్చే 140 మందికి 60 సంచులు చాలు. సంచి 90 రూపాయలు పడితే 5,400. సంచి గుడ్డదే కొనండి. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ప్లాస్టిక్ సంచులు, ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు కప్పులు, బల్లల మీద పరిచే ప్లాస్టిక్ షీట్లు నిషిద్ధం. 2021 డిసెంబరులో ప్రభుత్వం ‘మీండుం మంజప్పై’ పేరుతో పసుపు గుడ్డ సంచిని మళ్లీ ప్రచారంలోకి తెచ్చింది. తాంబూలానికి ఆ సంచే సరిపోతుంది, ఇంటికెళ్లాక కూరగాయలకూ పనికొస్తుంది.

అతిథుల కానుకల కన్నా బరువైనవి ఇంటివాళ్ల పెట్టుబడులు. హారతి పట్టే ఆడపడుచుకు చీర, మేస్త్రీకీ వడ్రంగికీ ఎలక్ట్రీషియన్‌కూ బట్టలు, కాపలా మనిషికి ఎంతో కొంత. ఇవి ఎవరూ కాగితం మీద వేయరు, చివరి వారంలో మాత్రం ఒక్కసారిగా గుర్తొస్తాయి.

ఇప్పుడు మొత్తం వేసి చూస్తే, మన ఉదాహరణలో విందు 38,600, ముందురోజు రాత్రి 25 మందికి భోజనం 3,000, బల్లలూ షామియానా 8,000, వెరసి 49,600. పురోహితుడు, విడి సామగ్రి, ఆవూదూడా కలిపి 29,500. పూలు, తోరణాలు 6,000. సంచులూ పెట్టుబడి బట్టలూ 20,400. నీళ్లు, శుభ్రం చేయించడం 3,000. మొత్తం 1,08,500. మరో పదివేలు చేతిలో ఉంచుకుంటే 1,18,500. వచ్చే చదివింపులను ఈ లెక్కలో ఆదాయంగా వేసుకోకండి. అవి తర్వాత మీరు తిరిగి పెట్టాల్సినవే.

ఏ అడ్వాన్సూ ఇవ్వకముందు అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శిని కలవండి. ఆవును లోపలికి రానిస్తారా, డాబా మీదగానీ పార్కింగులోగానీ బంతులు వేయనిస్తారా, హాలుకు అద్దె ఎంత, తిరిగి ఇచ్చే డిపాజిట్ ఎంత, తెల్లవారుజామున నాదస్వరానికి అభ్యంతరం ఉందా అడిగి, ఒప్పుకున్నవి రాయించుకోండి. వాళ్లు కాదంటే విందు వేరే హాలుకు మారుతుంది, పైన వేసిన అంకెలన్నీ మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది.