బస్తర్ దసరా 75 రోజులు, ఒక్కోసారి 107: ఆరు ఋతువుల లెక్క

ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో జరిగే బస్తర్ దసరాను 75 రోజుల పండుగ అంటారు. 2023లో అది 107 రోజులు జరిగింది. ఆచారమేదీ మారలేదు, కొత్త క్రతువేదీ కలపలేదు. ఆ ఏడాది వర్ష ఋతువే ఒక నెల పొడవు పెరిగింది, దానితోపాటు పండుగా సాగింది. మన పంచాంగంలో ఋతువులు ఎలా నడుస్తాయో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు కనబడలేదు. పైగా బస్తర్ మనకు పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక అక్కడికి వెళ్లిన కాకతీయ అన్నమదేవుడి వంశమే శతాబ్దాలపాటు బస్తర్‌ను ఏలింది. ఈ దసరా రథయాత్రను మొదలుపెట్టింది ఆ వంశంలోని పురుషోత్తమదేవుడని అక్కడివారు చెబుతారు.

ముందు అందరికీ తెలిసిన లెక్క. చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, శ్రావణ భాద్రపదాలు వర్షం, ఆశ్వయుజ కార్తికాలు శరత్తు, మార్గశిర పుష్యాలు హేమంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. ఒక చాంద్రమాసం సగటున 29.53 రోజులు కాబట్టి రెండు మాసాల ఋతువు సుమారు 59 రోజులు. ఆరు ఋతువులూ కలిపితే 354 రోజులు దాటుతాయి. సూర్యుడి ఏడాదికి 365 రోజులు పైచిలుకు కావాలి. అంటే చంద్రుడి ఏడాది దాదాపు 11 రోజులు పొట్టిది. ఈ 11 రోజుల తేడా వల్లే మన ఋతువులు ఇంగ్లీషు తేదీల మీద నిలకడగా కూర్చోవు.

వసంతం మొదలయ్యే ఉగాదినే చూడండి. 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. మామూలు ఏడాదిలో 10, 11 రోజులు వెనక్కి జరుగుతుంది. ఆ వెనకబాటు పోగుపడినప్పుడు ఒక అధిక మాసం వచ్చి దాన్ని ఒక్కసారిగా ముందుకు తోస్తుంది. అందుకే వసంతం అంటే ‘మార్చి, ఏప్రిల్’ అనో ‘ఏప్రిల్, మే’ అనో ఒక్క మాటలో చెప్పలేం. అది ఒక ఏడాది మార్చి మూడో వారంలో మొదలైతే మరో ఏడాది ఏప్రిల్ రెండో వారంలో మొదలవుతుంది. మిగతా అయిదు ఋతువులదీ ఇదే తీరు. 2025–26లో, అధిక మాసం లేని ఏడాదిలో, తేదీలు ఇలా పడ్డాయి: గ్రీష్మం మే చివరి వారంలో మొదలై జూలై 24తో ముగిసింది, వర్షం జూలై 25 నుంచి సెప్టెంబరు 21 వరకు, శరత్తు నవంబరు 20 వరకు, హేమంతం జనవరి 18 వరకు, ఆపై ఉగాది దాకా శిశిరం.

ఇప్పుడు బస్తర్‌కు వద్దాం. దసరా మొదటి క్రతువు పాట్ జాత్రా హరేలీ అమావాస్య నాడు జరుగుతుంది. బిలోరీ అడవి నుంచి తెచ్చిన సాల దుంగను జగదల్‌పూర్‌లోని దంతేశ్వరి గుడి ముందు పెట్టి పూజిస్తారు. ఆ దుంగను ఠుర్లూ ఖోట్లా అంటారు. రథం చెక్కే పనిముట్లు దానితోనే తయారవుతాయి. అదే రోజు ఊళ్లలో రైతులు నాగళ్లు, పారలు కడిగి పూజ చేస్తారు. పిల్లలు వెదురు కర్రలకు అడుగు పెట్టే పట్టీలు కట్టి, వాటి మీద ఎక్కి బురద దారుల్లో నడుస్తారు. ఆ కర్రల పేరు గేడీ.

ఛత్తీస్‌గఢ్ పంచాంగంలో హరేలీ శ్రావణ అమావాస్య. మన గోడ మీది తెలుగు క్యాలెండరులో అదే రోజు ఆషాఢ అమావాస్య అని ఉంటుంది. రెండూ సరైనవే. అక్కడ నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. శుక్లపక్షం పేరు ఇద్దరికీ ఒకటే, కృష్ణపక్షానికి మాత్రం వాళ్లు మన వచ్చే నెల పేరు పెట్టుకుంటారు. మాసం పేరును బట్టి ఋతువు చెబితే హరేలీ రోజు బస్తర్‌లో వర్ష ఋతువు నడుస్తూ ఉంటుంది, తెలుగు పంచాంగంలో అది గ్రీష్మ ఋతువుకు చివరి రోజు. ఆ రోజున ఇంద్రావతి గట్టున నిలబడి చూస్తే ఎవరి పంచాంగం ఆకాశానికి దగ్గరో చెప్పనక్కర్లేదు.

మన లెక్కలోనే చూసినా ఈ పండుగకు ఒక చక్కటి అమరిక కనిపిస్తుంది. పాట్ జాత్రా మర్నాడు మన శ్రావణ పాడ్యమి, అంటే వర్ష ఋతువుకు తొలి రోజు. భాద్రపద శుక్లపక్షంలో సిరహాసార్ భవనంలో సాల కొమ్మలు నాటే డేరీ గడాయి జరుగుతుంది. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ల వడ్రంగులు రథం పనికి దిగుతారు. భాద్రపద అమావాస్య నాడు కాఛిన్ గాది. మిర్గాన్ కులానికి చెందిన ఒక చిన్నారిని ముళ్ల ఊయల మీద కూర్చోబెడతారు. ఆమె మీదికి వచ్చిన కాఛిన్ దేవి అనుమతి ఇస్తేనే దసరా ముందుకు సాగుతుంది. ఆ అమావాస్య వర్ష ఋతువుకు చివరి రోజు, మర్నాడు శరన్నవరాత్రుల మొదటి రోజు. ఒక ఋతువు మొదలయ్యే ముందు రోజు దుంగ పూజ, ఆ ఋతువు ముగిసే రోజు దేవి అనుమతి. మధ్యలో రెండు చాంద్రమాసాలు, 59 రోజులు. దానికి విజయదశమి దాకా 10 రోజులు కలిపితే 69. దశమి నుంచి భీతర్ రైనీ, బాహర్ రైనీ, మురియా దర్బార్, కుటుంబ జాత్రా, దంతేశ్వరి డోలీని దంతెవాడకు సాగనంపడం వరుసగా జరుగుతాయి. అలా 75కు చేరుతుంది. తిథులు కొంచెం అటూ ఇటూ అయితే ఒకటి రెండు రోజులు పెరగవచ్చు. మిగతా సంఖ్య చాలావరకు వర్ష ఋతువు చేతిలోనే ఉంది.

2025 తేదీలతో సరిచూడండి. హరేలీ జూలై 24, విజయదశమి అక్టోబరు 2. మధ్య తేడా 70 రోజులు. 2024లో ఆగస్టు 4 నుంచి అక్టోబరు 12 దాకా 69. మరి 2023లో? హరేలీ జూలై 17, విజయదశమి అక్టోబరు 24. తేడా 99.

ఆ అదనపు నెల ఎలా వచ్చిందంటే, ప్రతి చాంద్రమాసానికీ ఆ మాసంలో పడే సంక్రాంతిని బట్టి పేరు వస్తుంది. సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశిలోకి మారడమే సంక్రాంతి. సూర్యుడు ఒక రాశిలో సగటున 30 రోజులకు పైగా ఉంటాడు, జూన్, జూలై నెలల్లో అయితే 31 రోజులు దాటిపోతుంది. అందువల్ల అప్పుడప్పుడు రెండు అమావాస్యల నడుమ ఒక్క సంక్రాంతి కూడా పడదు. 2023లో కర్కాటక సంక్రమణం జూలై 17 తెల్లవారుజామున జరిగింది. అమావాస్య ఘడియ ఆ అర్ధరాత్రి దాటిన వెంటనే ముగిసింది. మరుసటి అమావాస్య ఆగస్టు 16న ముగిసింది. సింహ సంక్రమణం ఆ మర్నాడు, ఆగస్టు 17న. ఒక్క రోజు తేడాలో ఆ నెలకు సంక్రాంతి దక్కలేదు. దక్కకపోతే దానికి సొంత పేరు ఉండదు, వచ్చే నెల పేరే ‘అధిక’ అని ముందు పెట్టుకుని తీసుకుంటుంది. అలా జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం అయింది. వర్ష ఋతువుకు మూడు నెలలు వచ్చాయి. జూలై 18 నుంచి అక్టోబరు 14 వరకు 89 రోజులు. పాట్ జాత్రా అధిక మాసానికి ఒక్క రోజు ముందు జరిగిపోయింది, మిగతా క్రతువులు నిజ మాసం కోసం ఆగాయి. 107 రోజులు అలా వచ్చాయి.

19 ఏళ్లలో ఇలాంటి అధిక మాసాలు 7 వస్తాయి. కానీ ప్రతిసారీ బస్తర్ దసరా పొడవు పెరగదు. అధిక మాసం పాట్ జాత్రాకూ విజయదశమికీ మధ్య పడితేనే పెరుగుతుంది. 2026 దీనికి మంచి ఉదాహరణ. ఈసారి అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 వరకు. అది గ్రీష్మంలో పడింది కాబట్టి పండుగ పొడవు మారదు, మొత్తం పండుగే ఆలస్యంగా మొదలవుతుంది. సాగిపోయేది గ్రీష్మ ఋతువు: మే 17 నుంచి ఆగస్టు 12 వరకు 88 రోజులు.

ఆగస్టు 12 దాకా గ్రీష్మమా అని ఎవరికైనా అనుమానం రావాలి. బస్తర్‌లో నైరుతి రుతుపవనం మామూలుగా జూన్ మధ్యలోనే దిగుతుంది, ఆగస్టుకు వరి మళ్లు నీళ్లతో నిండి ఉంటాయి. ఈ తేడాలో కొంత చంద్రుడి వల్ల, మిగతాది సూర్యుడి రాశి లెక్క వల్ల. వసంతం నడిమధ్యన పగలూ రాత్రీ సమానమయ్యే రోజు పడేలా పూర్వులు ఋతువులను అమర్చారు. ఆ విషువత్తు ఇప్పుడు మార్చి 20, 21 తేదీల్లో వస్తోంది, మన మేష సంక్రాంతి మాత్రం ఏప్రిల్ 14న. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఈ దూరం పెరుగుతూ, దాదాపు 24 రోజులకు చేరింది.

మేఘనాథ్ సాహా అధ్యక్షతన పనిచేసిన క్యాలెండరు సంస్కరణ సంఘం 1955 నివేదికలో దీన్ని సరిదిద్దింది. 1957 మార్చి 22 నుంచి అమలైన జాతీయ పంచాంగంలో ఋతువులు చంద్రుడితో సంబంధం లేకుండా సూర్యుడితోనే నడుస్తాయి. అందులో గ్రీష్మం ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి జూన్ 20 ప్రాంతం దాకా, వర్షం జూన్ 21 ప్రాంతం నుంచి ఆగస్టు 22 ప్రాంతం దాకా. ఏటా ఇవే తేదీలు, ఒక రోజు తేడాతో. అడవి పనులతో పోలిస్తే ఈ లెక్కే దగ్గరగా ఉంటుంది. బస్తర్ ఆడవాళ్లు తెల్లవారక ముందే లేచి ఇప్పపువ్వు ఏరేది మార్చి, ఏప్రిల్‌లలో. జాతీయ పంచాంగంలో అది నిక్కమైన వసంతం. ఉగాది ఏప్రిల్ 9న వచ్చిన 2024లో చాంద్రమానం ప్రకారం మార్చి నెలంతా శిశిరమే. ఆ తరువాత ఏప్రిల్, మే ఎండల్లో తునికాకు కోత, అది గ్రీష్మం.

అయితే జాతీయ పంచాంగం కూడా అన్నీ తీర్చదు. బస్తర్‌లో వాన జూన్ మధ్య నుంచి సెప్టెంబరు ఆఖరు దాటేదాకా, 100 రోజులకు పైగా ఉంటుంది. ఏ పంచాంగమైనా వర్ష ఋతువుకు మామూలుగా ఇచ్చేది రెండు నెలలే. వాతావరణ శాఖ జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలలను ఒకే రుతుపవన కాలంగా లెక్కించేది ఇందుకే. అందువల్ల విత్తనం వేయడానికి ఋతువు పేరును నమ్ముకోకూడదు, పండుగ తేదీకి మాత్రం చాంద్రమాన పంచాంగాన్నే చూసుకోవాలి.

2026లో జగదల్‌పూర్ వెళ్లాలనుకునేవారు ఈ తేదీలు రాసుకోండి: పాట్ జాత్రా ఆగస్టు 12, కాఛిన్ గాది అక్టోబరు 10, విజయదశమి అక్టోబరు 20. ఆ రాత్రి జరిగే భీతర్ రైనీలో రథాన్ని కుమ్హడాకోట్‌కు తీసుకుపోతారు, మర్నాడు బాహర్ రైనీలో దాన్ని తిరిగి తెస్తారు. రెండూ చూడాలంటే 21 వరకు ఉండేలా బస ఏర్పాటు చేసుకోండి.